తొమ్మిదికి ఆగాల్సిన ట్యాబ్ పదకొండున్నర దాకా ఆడుతోంది

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో ఇంటి డ్రైవరు. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. నాలుగు నెలల కింద ఆయన స్నేహితుడితో వాడికి ట్యాబ్ పంపారు. అందులో అంతా అరబ్బీనే, ఆఖరికి టైము చూపించే అంకెలు కూడా. నేను తెలుగు మీడియంలో పది దాకా చదివాను. ఏదైనా నొక్కితే పాడైపోతుందేమోనని భయం. నా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే అది నడుస్తుంది. హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు వచ్చినప్పుడు పిల్లాడికి జీమెయిల్ చేసి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూతపడేలా పెట్టి వెళ్లాడు. కానీ రాత్రి పదకొండున్నర దాకా నడుస్తుంది, పొద్దున ఎనిమిదిన్నర దాకా తెరుచుకోదు. పైగా వీడు నా ఫోన్‌లో వాడికి చేసి ‘బావా, ఇంకో అరగంట’ అంటే చాలు, అక్కడి నుంచే ఇచ్చేస్తాడు. ఆయనకు డ్యూటీ అయ్యి ఫోన్ చేసేసరికి మనకు రాత్రి పదిన్నర. అందాకా మేలుకోవడానికి వీడు ట్యాబ్ చూస్తూ కూర్చుంటాడు. మా అత్త అన్నం పెట్టేటప్పుడూ అదే చేతికిస్తుంది. లాగేసుకుంటే ‘నాన్న నాకు పంపాడు’ అని ఏడుపు. ఆయనేమో వాడి దగ్గర తీసుకోవద్దంటారు. భాష మారుద్దామంటే, అరబ్బీలో ఉంటేనే మేలు, పిల్లాడు సెట్టింగ్స్ మార్చలేడు అని పక్కింటాయన అంటున్నాడు. నేనేం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు పదకొండున్నర సంగతి తేల్చుకుందాం. మీ మేనల్లుడు పెట్టింది పాడవలేదు, మీవాడు దాన్ని ఏమార్చనూ లేదు. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి 11:30 అయినప్పుడు అక్కడ 9:00. మనకు పొద్దున 8:30 అయినప్పుడు అక్కడ 6:00. ఆ ట్యాబ్ చెప్పినట్టే తొమ్మిదికి మూసుకుని ఆరుకు తెరుచుకుంటోంది, కాకపోతే కువైట్ టైము ప్రకారం. రాత్రీ పగలూ సరిగ్గా రెండున్నర గంటలే తేడా ఉందని మీరు రాయబట్టి నాకు అనుమానం లేకుండా పోయింది.

మీరే చూసుకోవచ్చు. ట్యాబ్‌నూ ఫోన్‌నూ పక్కపక్కన పెట్టండి. అరబ్బీలో 9 మన తొమ్మిదిలాగే ఉంటుంది: ٩. సున్నా ఒక చుక్క: ٠. అయిదు మన సున్నాలా ఉంటుంది: ٥. ఆరు కాస్త మన 7ను పోలి ఉంటుంది: ٦. అందుకే ఆ మూల ఏముందో మీకు అర్థం కాలేదు. మీ ఫోన్‌లో రాత్రి తొమ్మిదైనప్పుడు ట్యాబ్ మూలన ٦:٣٠ అని, అంటే ఆరున్నర అని ఉంటే నేను చెప్పింది నిజమే. సిమ్ లేని, వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌కు దేశం మారినట్టు టవర్ నుంచి కబురు అందదు. కువైట్‌లో మీ ఆయన పెట్టిన టైమే అందులో ఉండిపోయి ఉంటుంది. దాన్ని ఎలా మార్చాలో భాష సంగతి అయ్యాక చెబుతాను, అప్పుడైతే మెనూ మీరే చదవగలరు.

పక్కింటాయన మాట సగం కూడా నిజం కాదు. ఎనిమిదేళ్ల పిల్లలు మెనూ చదవరు, గుర్తుపెట్టుకుంటారు. పళ్లచక్రం బొమ్మ, దాని కింద నాలుగోది, అందులో రెండోది అని. భాష ఏదైనా బొమ్మలు బొమ్మలే. ఆ అరబ్బీ మీవాడిని ఆపడం లేదు, మిమ్మల్ని బయట నిలబెడుతోంది.

భాష మార్చేటప్పుడు ముందు ఒకటి తెలుసుకోండి. అరబ్బీ కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి ట్యాబ్ తెర మొత్తం అద్దంలో చూసినట్టు ఉంటుంది. బొమ్మలు కుడివైపు, ఆన్ ఆఫ్ స్విచ్చులు ఎడమవైపు ఉంటాయి. వెనక్కి వెళ్లే బాణం కుడివైపు పై మూలన ఉంటుంది. ‘సరే’ అనే బటన్ కూడా మనకు కుడివైపు అలవాటు, అక్కడ ఎడమవైపు వస్తుంది. అరబ్బీ ఫోన్లతో తంటాలు పడేవాళ్లలో సగం మంది ఇక్కడే ‘వద్దు’ను నొక్కేసి, భాష మారలేదని అనుకుంటారు. మా బంధువు తెచ్చిన ఫోన్‌తో నేనూ అదే చేశాను, మూడుసార్లు.

పళ్లచక్రం బొమ్మ నొక్కితే పైన الإعدادات అని ఉంటుంది, అదే సెట్టింగ్స్. శామ్‌సంగ్ ట్యాబ్ అయితే కిందికి జరుపుతూ الإدارة العامة అన్నది వెతికి, దాని లోపల اللغة నొక్కండి. వేరే కంపెనీదైతే చాలావాటిలో النظام అని అడుగునెక్కడో ఉంటుంది, దాని లోపల اللغات అన్న మాట కనిపిస్తుంది. చదవక్కర్లేదు. ఈ పేజీ ఫోన్‌లో తెరిచి ట్యాబ్ పక్కన పెట్టుకుని, ఆకారం పోల్చి చూడండి. మాట మొదలు కుడివైపు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. اللغ అనే ముక్క కుడివైపున కనిపిస్తే మీరు సరైన చోటే ఉన్నారు. అక్కడ + గుర్తు నొక్కితే భాషల జాబితా వస్తుంది. ఇక భయం లేదు, ఆ జాబితాలో ప్రతి భాష పేరూ దాని లిపిలోనే ఉంటుంది. తెలుగు ఉంటే ‘తెలుగు’ అనే ఉంటుంది. ఎక్కడైనా మాట దొరకకపోతే మీ ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరిచి దాని కెమెరా ట్యాబ్ మీద పెట్టండి. తెలుగు అనువాదం వంకరటింకరగా వస్తుంది కానీ దారి తెలియడానికి చాలు.

గల్ఫ్‌లో అమ్మే కొన్ని మోడళ్ల జాబితాలో తెలుగు ఉండదు. లేకపోతే ట్యాబ్ చెడిందని కాదు, ఆ దేశం కోసం తయారైన దాంట్లో ఆ భాషలే పెట్టారని అర్థం. English మాత్రం తప్పకుండా ఉంటుంది. నన్నడిగితే తెలుగు ఉన్నా సరే, ట్యాబ్‌లో ఇంగ్లిషే పెట్టండి. మీవాడు ఇంగ్లిష్ మీడియం. టైము అయిపోవస్తోందని ముందుగా తెర మీద వచ్చే హెచ్చరిక వాడు చదవగలగాలి. చదవలేని హెచ్చరిక వచ్చి, చూస్తున్నది ఉన్నట్టుండి ఆగిపోతే పిల్లలు ఏడవక ఏం చేస్తారు? తెలుగు కావాల్సింది మీ ఫోన్‌లో. ఎందుకో చెబుతాను.

పాడవుతుందేమో అన్నారు. సెట్టింగ్స్‌లో ఏది తెరిచి చూసినా వెనక్కి వచ్చేయవచ్చు. వెనక్కి రాలేనివి రెండే: మొత్తం చెరిపేసే రీసెట్, అకౌంటు తీసేయడం. రెండూ అడిగి, మళ్లీ అడిగి గానీ చేయవు. చేయి తగిలి జరిగేవి కావవి.

ఇక తాళం సంగతి. మీ మేనల్లుడు పెట్టింది దాదాపుగా గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ అయి ఉండాలి. తెర మీద Family Link అని ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఎవరి ఫోన్‌లో పిల్లాడి అకౌంటు ముడిపడి ఉంటే వాళ్ల ఫోనే తాళంచెవి. టైము పెంచడం, తగ్గించడం, యాప్ మూయడం, కొత్త యాప్‌కు సరేననడం అన్నీ ఆ ఫోన్‌లోనే జరుగుతాయి. అలా ముడిపడ్డాక ట్యాబ్ మెనూలు తెరిచే పని దాదాపు ఉండదు. ఫ్యామిలీ లింక్ ఏ ఫోన్‌లో ఉంటే ఆ ఫోన్ భాషలో కనిపిస్తుంది. అంటే మీ ఫోన్ తెలుగులో ఉంటే మీరు తెలుగులోనే ట్యాబ్‌ను నడిపించవచ్చు. ఆ తెలుగు కాస్త ఆఫీసు కాగితంలా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఇన్నాళ్లూ మీరు తాళం ట్యాబ్‌లో ఉందనుకుని భయపడ్డారు. అది హైదరాబాద్‌లో మీ మేనల్లుడి జేబులో ఉంది.

దాన్ని మీ చేతికి తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది సులువు. మీ మేనల్లుడు తన ఫోన్ నుంచి మిమ్మల్ని తన గూగుల్ ఫ్యామిలీ గ్రూపులోకి పిలిచి, మీకు తల్లిదండ్రుల అధికారం ఇస్తాడు. మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ ఎక్కించుకుని మీ జీమెయిల్‌తో తెరిస్తే పిల్లాడి పేరు కనిపిస్తుంది. పది నిమిషాల పని, ఆటలూ ఏవీ పోవు. కానీ గ్రూపుకు యజమాని అతనే. మీవాడు అడిగే అరగంటలు మీకూ వస్తాయి, అతనికీ వెళ్తాయి. ఎవరు ముందు సరేనంటే అదే చెల్లుతుంది. ఇంకో మెలిక చాలామందికి తెలియదు: ఒక మనిషి ఒక్క ఫ్యామిలీ గ్రూపులోనే ఉండగలరు, ఒక గ్రూపు వదిలి ఇంకో గ్రూపులోకి మారడం 12 నెలల్లో ఒక్కసారే కుదురుతుంది. ఇవాళ అందులో చేరి, వచ్చే నెల వద్దనుకుని బయటికొస్తే తర్వాత మళ్లీ మారడానికి ఏడాది ఆగాల్సి రావచ్చు.

రెండోది కాస్త పని. మేనల్లుడు తాను చేసిన పిల్లాడి అకౌంటును తన ఫ్యామిలీ లింక్‌లోనే తొలగిస్తాడు. ట్యాబ్‌ను రీసెట్ చేసి, మీ పేరు మీద మొదటి నుంచి మొదలుపెడతారు. పిల్లాడి ఆటల్లో వాడు దాటిన మెట్లన్నీ పోతాయి, ఆ సంగతి వాడికి ముందే చెప్పండి. ఫొటోలు, మీ ఆయన పంపిన వీడియోలు ఉంటే ముందు మీ ఫోన్‌లోకి పంపుకోండి. నాకు ఈ దారే నచ్చుతుంది. కారణం ఒక్కటే కాదు. రీసెట్ అయ్యాక ట్యాబ్ మొట్టమొదట అడిగేదే భాష. అరబ్బీ మెనూల్లో మళ్లీ తిరగక్కర్లేకుండా, ఆ తొలి తెర మీదే English ఎంచుకుంటే సరిపోతుంది. ఆ వెనకే దేశమూ టైమూ వస్తాయి, అక్కడే ఇండియా పెట్టుకోవచ్చు. ఇంకొకటి, మీ ఆయన కువైట్‌లో ట్యాబ్ తెరిచినప్పుడు తన జీమెయిల్ కూడా అందులో వేసి ఉండొచ్చు. అది ఉన్నంత కాలం యూట్యూబ్ పెద్దవాళ్లది ఒకటి పక్కనే తెరిచి ఉన్నట్టే. రీసెట్‌తో అదీ పోతుంది.

రీసెట్‌ను సెట్టింగ్స్ లోపలి నుంచే చేయండి, భాష ఇంగ్లిష్‌కు మార్చుకున్నాక Reset అన్న మాట వెతుక్కుంటే దొరుకుతుంది. అంతకు ముందు అకౌంట్ల పేజీలో మిగిలిన జీమెయిళ్లు తీసేయండి. పక్క బటన్లు నొక్కిపట్టి షాపులో చేయించవద్దు. అలా చేస్తే, దొంగ సొత్తు కాదని నిరూపించమన్నట్టు, అంతకు ముందున్న జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. తొలగించిన అకౌంటు పాస్‌వర్డ్ ఎక్కడి నుంచి తెస్తారు?

ఆ తర్వాత మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ తెరిచి, పిల్లాడికి కొత్త అకౌంటు చేయమంటే పేరు, పుట్టిన తేదీ అడుగుతుంది. తేదీ నిజమే వేయండి. పెద్ద వయసు వేస్తే అడ్డంకులు ఉండవని షాపులవాళ్లు చెప్పే చిట్కా ఒకటుంది. అడ్డంకులే కదా మనకు కావాల్సింది. నడుమ మీరు పెద్దవాళ్లేనని, అనుమతి ఇస్తున్నారని నిర్ధారించుకునే మెట్టు వస్తుంది. అకౌంటు తయారయ్యాక ట్యాబ్‌లో ఆ జీమెయిల్ వేస్తే, అది మీ పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. ఆ క్షణంలో పిల్లాడు పక్కన లేకుండా చూసుకోండి.

ఇదంతా మీ ఆయన పేరు మీద చేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఒక ఫ్యామిలీ గ్రూపులో ఉండేవాళ్లంతా ఒకే దేశంలో ఉండాలన్నది గూగుల్ నియమం. కువైట్‌లో ఉన్న మనిషి, ఇక్కడున్న పిల్లాడు అన్నప్పుడు అది తికమక పెట్టవచ్చు. అంతకన్నా, పిల్లాడు రాత్రి తొమ్మిదికి అరగంట అడిగితే అక్కడ సాయంత్రం ఆరున్నర, ఆయన బండి నడుపుతుంటారు. మీ పేరు మీద ఉండటమే పనికొచ్చే ఏర్పాటు.

మొదటి దారే ఎంచుకుంటే టైము విడిగా మార్చాలి. ఇంగ్లిష్‌లో ఉన్న సెట్టింగ్స్‌లో, శామ్‌సంగ్‌కు General management లోపల, మిగతావాటికి System లోపల Date and time ఉంటుంది. అందులో టైమ్ జోన్ దానంతటదే పెట్టుకునే స్విచ్చు ఆపి, India లేదా Kolkata ఎంచుకోండి. GMT+05:30 అని కనిపించాలి. ట్యాబ్ అనుమతి అడిగితే మీ మేనల్లుడి ఫ్యామిలీ లింక్‌లో పేరెంట్ యాక్సెస్ కోడ్ అని అంకెలు కనిపిస్తాయి, ఫోన్‌లో అడిగి వేయండి. ఆ కోడ్ నెట్ లేనప్పుడు కూడా పనిచేస్తుంది. పిల్లాడి ముందు గట్టిగా చదవద్దు.

ఇప్పుడు ఎంత టైము పెట్టాలన్నది. పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 5 నుంచి 10 ఏళ్ల వాళ్లకు అన్ని తెరలూ కలిపి రోజుకు 2 గంటల లోపే ఉండాలంటుంది, నిద్రకు గంట ముందు తెర వద్దంటుంది. ఇంట్లో టీవీ కూడా ఉంటుంది కాబట్టి ట్యాబ్‌కు స్కూలు రోజుల్లో గంట, ఆదివారం గంటన్నర పెట్టి చూడండి. ఫ్యామిలీ లింక్‌లో వారంలో ఒక్కో రోజుకు ఒక్కో లెక్క పెట్టవచ్చు. రాత్రి మూత 8:30 నుంచి పొద్దున 6:30 దాకా. రోజువారీ గంట, రాత్రి మూత రెండు వేర్వేరు తాళాలు. ఏది ముందు వస్తే అది పడుతుంది. గంటలో ఇరవై నిమిషాలు మిగిలి ఉన్నా 8:30కి మూతే. ఈ సంగతి వాడికి చెప్పకపోతే అన్యాయం జరిగిందనుకుంటాడు.

కానీ అమ్మా, మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే. వాడు ట్యాబ్ కోసం మేలుకోవడం లేదు, నాన్న కోసం మేలుకుంటున్నాడు. ట్యాబ్ మధ్యలో పొద్దు గడుపుకోవడానికి. 8:30కి ట్యాబ్ మూస్తే, పదిన్నర దాకా వాడు మీ ఫోన్ చూస్తాడు, లేదా టీవీ చూస్తాడు. తాళం ఎంత బాగున్నా ఆ రెండు గంటలు అలాగే ఉంటాయి.

కాబట్టి మీ ఆయనతో మాట్లాడాల్సింది ట్యాబ్ గురించి కాదు, ఫోన్ చేసే వేళ గురించి. ఇంటి డ్రైవర్లు చాలామంది పిల్లల్ని స్కూలుకు దింపడానికి తెల్లవారుజామునే లేస్తారు. అక్కడ పొద్దున 5:00 అయితే మనకు 7:30, మీవాడు స్కూలుకు తయారయ్యే వేళ. పది నిమిషాలు నాన్నతో మాట్లాడి బడికి వెళ్తాడు. కువైట్‌లో చలికాలం, ఎండాకాలం అని గడియారాలు మార్చరు కాబట్టి ఆ రెండున్నర గంటల తేడా ఏడాది పొడవునా అంతే, ఒకసారి కుదిరితే కుదిరినట్టే. ఆయన పని వేళలు నాకు తెలియవు. పొద్దున కుదరకపోతే, శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆయనకు వీలున్న శుక్రవారాల్లో సాయంత్రం తీరిగ్గా చాలాసేపు మాట్లాడుకుని, మిగతా రోజుల్లో రాత్రి ఆయన మీతో మాత్రం మాట్లాడవచ్చు. మూడోది, ఇప్పటిలాగే పదిన్నరకు మాట్లాడటం. అప్పుడు వాడి నిద్ర పదకొండుకే మొదలవుతుంది, ఏ యాప్ దాన్ని సరిచేయలేదు. ఆయన ‘తీసుకోవద్దు’ అనడంలో కోపం కంటే బెంగ ఎక్కువ ఉందనిపిస్తుంది. ట్యాబ్ లాగేస్తే తానూ దూరమవుతానేమోనని. ట్యాబ్ వాడిదే, వేళ మాత్రం మారుతుంది అని చెప్పి చూడండి.

నాన్న కాల్ మీ ఫోన్‌లోకే రానివ్వండి, ట్యాబ్‌లోకి వద్దు. ఫ్యామిలీ లింక్‌లో కొన్ని యాప్‌లను ఎప్పుడూ తెరిచి ఉంచే వీలుంది, కాల్ యాప్‌ను అందులో పెట్టొచ్చు. కానీ అప్పుడు ‘నాన్న కాల్ వస్తుంది’ అన్న మాట మీద ట్యాబ్ రాత్రంతా వాడి చేతిలోనే ఉంటుంది.

మీ అత్తగారి సంగతి. అన్నం వేళ ట్యాబ్ ఇస్తే ఆ గంటలో అరగంట అన్నానికే పోతుంది, అది వాడికే నష్టమని వాడే తెలుసుకుంటాడు. ‘జేజీ, అన్నమప్పుడు వద్దు, తర్వాత చూస్తా’ అని వాడు అన్న రోజు మీరు నవ్వుకోవచ్చు. అప్పటిదాకా ఆమెతో వాదన పెట్టుకోకండి. టైము పెంచగలిగే ఫోన్ ఆమె దగ్గర లేదు కదా.

పిల్లలు తప్పించుకునే సందులు రెండు మూడు చెబుతాను. మొదటిది, కొన్ని ట్యాబ్‌లలో పై నుంచి తెర కిందికి లాగితే మనిషి బొమ్మ ఉంటుంది, నొక్కితే గెస్ట్ అని కొత్త మనిషిగా లోపలికి పోవచ్చు. అక్కడ మీ లెక్కలేవీ ఉండవు. మీ ఫ్యామిలీ లింక్‌లో ఆ ట్యాబ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, కొత్త యూజర్లను చేర్చే వీలు, బయటి నుంచి యాప్‌లు ఎక్కించే వీలు రెండూ ఆపండి. రెండోది యూట్యూబ్ కిడ్స్. అది మంచిదే, కానీ తల్లిదండ్రుల సెట్టింగ్స్‌కు వెళ్లేటప్పుడు పెద్దవాళ్లా కాదా అని చూడడానికి గుణకారం లెక్క అడుగుతుంది. మూడో తరగతి పిల్లాడికి ఎక్కాలు వచ్చు! అందులోనే మన సొంత పాస్‌కోడ్ పెట్టుకునే చోటుంది, అది పెట్టండి, పుట్టినరోజు అంకెలు మాత్రం వద్దు. మూడోది మీ ఫోనే. వాడు బావకు మీ ఫోన్ నుంచే చేశాడన్నారు. రేపు తాళం మీ ఫోన్‌లో ఉంటుంది కాబట్టి, దాని లాక్ వాడికి తెలిసి ఉంటే తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. ముందు దాన్ని మార్చండి.

ట్యాబ్‌లో రంగుల త్రికోణం బొమ్మతో ప్లే స్టోర్ లేకపోతే నేను పైన చెప్పిన దారి కుదరదు. 2019 తర్వాత వచ్చిన హువావే ట్యాబ్‌లు గల్ఫ్‌లో చాలానే అమ్ముతారు, వాటిలో గూగుల్ ఉండదు. మేనల్లుడు జీమెయిల్‌తో తాళం పెట్టగలిగాడంటే మీది అది కాకపోవచ్చు. ఒకవేళ అదే అయితే భాష మార్చాక సెట్టింగ్స్‌లోనే Digital balance లేదా Parental control అన్నది ఉంటుంది, ట్యాబ్‌లోనే పిన్ పెట్టి వేళలు పెట్టవచ్చు. అప్పుడు తాళం ట్యాబ్‌లోనే ఉంటుంది కాబట్టి పిన్ ఎవరికీ చెప్పకూడదు, మేనల్లుడికి కూడా.

ఇవేవీ వద్దు, నాకు ఓపిక లేదు అనుకుంటే మీ దగ్గర ఇప్పటికే ఒక తాళం ఉంది, హాట్‌స్పాట్. 8:30కి ఆపేస్తే యూట్యూబ్ ఆగుతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న ఆటలు, వీడియోలు మాత్రం ఆగవు. పైగా రోజూ మీ చేత్తో ఆపాలి కాబట్టి రోజూ ‘అమ్మే ఆపింది’ అనిపించుకోవాలి. గడియారం ఆపితే ఆ కోపం గడియారం మీదికి పోతుంది. ఒక జాగ్రత్త: ఫ్యామిలీ లింక్‌లో మీరు మార్చిన లెక్క ట్యాబ్‌కు చేరాలంటే దానికి నెట్ ఉండాలి. హాట్‌స్పాట్ ఆపి, ఫోన్‌లో టైము తగ్గించి, ట్యాబ్ ఇంకా నడుస్తోందేమిటి అనుకోకండి. ముందే పెట్టిన లెక్క మాత్రం నెట్ లేకున్నా పనిచేస్తుంది.

పెట్టడం అయ్యాక ఒక శనివారం సాయంత్రం పరీక్షించండి, మర్నాడు బడి ఉండదు. ఆ ఒక్క రోజుకు రాత్రి మూతను 7:15కి పెట్టి, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంచి, ట్యాబ్ మీ ముందు పెట్టుకోండి. ముందుగా హెచ్చరిక రావాలి, 7:15కి మూతపడాలి. పడకపోతే ట్యాబ్ మూలన టైము చూడండి. 4:45 అని ఉంటే టైమ్ జోన్ మారలేదు. 7:15 అని ఉండి కూడా నడుస్తుంటే నెట్ అందక కొత్త లెక్క చేరలేదు, లేదా వాడు వేరే అకౌంటులోనో గెస్ట్‌లోనో ఉన్నాడు. మూతపడితే 8:30కి మార్చేసి, ఆదివారం పొద్దున ఆయనకు ఫోన్ చేయండి, అక్కడ అయిదైతే మనకు ఏడున్నర.